స్టాల్ పెట్టే ముందు: క్యూఆర్ విజిటింగ్ కార్డు జాగ్రత్తలు

చలికాలం వచ్చిందంటే విశాఖలో ఎగ్జిబిషన్ల సీజన్. డాబాగార్డెన్స్‌లో ఉన్న మా ప్రింటింగ్ షాపుకి స్టాండీలు, ఐడీ ట్యాగులు, ఫ్లెక్సీల ఆర్డర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఈ మధ్య ప్రతి డిజైన్‌లోనూ ఒక మూల క్యూఆర్ కోడ్ ఉంటోంది. దాన్ని బొమ్మలా అతికించేసి వదిలేస్తున్నారు గానీ, స్టాల్ దగ్గర దాంతో జనం ఏం చేస్తారో చూసేవాళ్లు తక్కువ.

నేను ఒకసారి చూశాను. ఒక స్టాల్‌కి అర్జెంటుగా స్టాండీ ఇవ్వడానికి వెళ్లి, అరగంట పక్కన నిలబడ్డాను. ఒకాయన వచ్చి ఫోన్ తీసి, అలవాటు కొద్దీ ఫోన్‌పే తెరిచి, విజిటింగ్ కార్డు కోడ్ మీద పెట్టాడు. అది పేమెంట్ కోడ్ కాదు కాబట్టి యాప్ ఒప్పుకోలేదు. ‘సర్వర్ డౌనేమోలెండి’ అనుకుంటూ వెళ్లిపోయాడు. ఆ అరగంటలో అలా ముగ్గురు. మన దగ్గర క్యూఆర్ అంటే డబ్బులు కొట్టేదే, టీ కొట్టు దగ్గర్నుంచి అందరికీ చెయ్యి అటే పోతుంది. కాబట్టి మొదటి జాగ్రత్త: కోడ్ పైన, కింద కాదు, ‘ఫోన్ కెమెరాతో స్కాన్ చేస్తే మా నంబర్ వస్తుంది’ అని పెద్ద అక్షరాల్లో రాయించండి. మీ యూపీఐ కోడ్ బిల్లు వేసే బల్ల మీదే ఉండాలి. కార్డు కోడ్ పక్కనే పెడితే కెమెరా దేన్ని పట్టుకుంటుందో దానికే తెలీదు.

ఇక అసలు గండం కోడ్ తయారుచేయించుకునే దగ్గరే ఉంది. ఆటోనగర్‌లో గాస్కెట్లు చేసే మా పాత కస్టమర్ ఒకాయన మూడు రోజుల ఎగ్జిబిషన్‌కి స్టాల్ తీసుకున్నాడు. మనిషి జాగ్రత్తపరుడు. పన్నెండు రోజుల ముందే ఒక ఉచిత వెబ్‌సైట్‌లో కోడ్ చేయించుకుని, బొమ్మ పంపించాడు. నేనూ అడగకుండా రెండు స్టాండీలు, ఆరు బ్యాడ్జీలు, ఐదొందల కార్డులు వేసి ఇచ్చేశాను. మొదటి రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు పొద్దున్నే ఫోన్: ‘ఏటండీ, నిన్నటి దాకా పనిచేసింది కదా! ఇప్పుడు స్కాన్ చేస్తే డబ్బులు కట్టమంటోంది’. ఆ సైట్ ఇచ్చింది పద్నాలుగు రోజుల ట్రయల్. ఆ గడువు సరిగ్గా ఎగ్జిబిషన్ మధ్యలో తీరింది. పరుగున వేరే కోడ్ స్టిక్కర్లు వేసుకెళ్లి స్టాండీల మీద అంటించాం. అప్పటికే పంచేసిన కార్డుల సంగతి మాత్రం ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

ఎందుకిలా అయిందంటే, కోడ్‌లు రెండు రకాలు. ఒకదాంట్లో మీ పేరు, నంబర్ ఆ చుక్కల్లోనే ఉంటాయి. దీన్ని స్టాటిక్ అంటారు. దానికి గడువు లేదు, ఎవరికీ అద్దె కట్టక్కర్లేదు. రెండోది డైనమిక్. అందులో మీ వివరాలేవీ ఉండవు, ఆ సైట్ వాళ్ల చిన్న లింకు మాత్రమే ఉంటుంది. స్కాన్ చేసినవాడు ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి, అక్కడినుంచి మీ దగ్గరికి వస్తాడు. నంబర్ మారినా ప్రింట్ మార్చక్కర్లేదు, ఎంతమంది స్కాన్ చేశారో లెక్క కూడా తెలుస్తుంది, అది నిజమే. కానీ వాళ్లు తలుపు వేసేస్తే మీ కార్డు చిత్తుకాగితమే. మీ దగ్గరున్నది ఏదో పట్టుకోవడం సులువు. కెమెరా పెట్టగానే తెర మీద ఏం కనిపిస్తుందో, నొక్కకముందే చదవండి. మీ పేరో, మీ నంబరో, మీ సొంత సైట్ పేరో కనిపిస్తే సరే. ముక్కూమొహం తెలియని చిన్న అడ్రస్ కనిపిస్తే అది అద్దె కోడ్. దానికి గడువు ఎప్పుడో కనుక్కున్నాకే ప్రింట్‌కి ఇవ్వండి. ఇప్పుడు నేను ఈ పరీక్ష చేయకుండా ఎవరి ఫైలూ తీసుకోవడం లేదు.

స్టాటిక్ కోడ్‌లో ఏం పెట్టాలి? మనవాళ్లకి అన్నీ పెట్టాలని ఉంటుంది: రెండు నంబర్లు, ఫ్యాక్టరీ అడ్రస్, ఆఫీస్ అడ్రస్, జీఎస్‌టీ నంబర్, వెబ్‌సైట్, హోదా. కానీ ఒక్కో అక్షరానికీ కోడ్‌లో చోటు కావాలి. అక్షరాలు పెరిగే కొద్దీ గడులు చిన్నవై కిక్కిరిసిపోతాయి. ఆ గాస్కెట్ల ఆయనకి తర్వాత నేను చేసిచ్చిన కోడ్ లోపల, ఫోన్ కాంటాక్ట్‌గా గుర్తుపట్టే vCard పద్ధతిలో రాసింది ఇంతే (పేరు రమేష్ అనుకుందాం):

```
BEGIN:VCARD
VERSION:3.0
N:Gaskets Vizag;Ramesh;;;
FN:Ramesh Gaskets Vizag
TEL;TYPE=CELL:+91XXXXXXXXXX
EMAIL:sales@example.com
END:VCARD
```

ఇది సుమారు 140 అక్షరాలు. కోడ్ కొంచెం చెరిగినా ఫోన్ చదవగలిగేలా పెట్టే దిద్దుబాటు మధ్యస్థాయిలో ఉంచితే, 49 గడుల వరసలు 49తో సరిపోతుంది. పైన చెప్పినవన్నీ కలిపితే నాలుగొందల దాకా పోతుంది, అప్పుడు 77 వరసలు. బ్యాడ్జి మీద 3 సెంటీమీటర్ల చోటే ఉందనుకోండి. చుట్టూ వదలాల్సిన తెల్ల అంచు, అంటే నాలుగేసి గడుల చోటు, అది కూడా అందులోనే. మొదటి కోడ్‌లో ఒక్కో గడి అర మిల్లీమీటరు పైన వస్తుంది. రెండోదాంట్లో మిల్లీమీటరులో మూడో వంతు. కొత్త ఫోన్ దాన్నీ చదువుతుంది గానీ, గీతలు పడ్డ కెమెరా ఉన్న పాత ఫోన్ తడుముకుంటుంది. పేరు తెలుగులో పెడదామన్న ముచ్చట నాకూ ఉంది, కానీ తెలుగు లిపిలో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు మూడేసి అక్షరాల చోటు తింటాయి. అందుకని తెలుగు పేరు కార్డు మీద అందంగా వేయించి, కోడ్ లోపల ఇంగ్లీషు అక్షరాలే ఉంచాను.

+91 మాత్రం వదలొద్దు. విశాఖకి వచ్చే కొనుగోలుదారుల్లో రొయ్యల ఎగుమతి కోసమో, పోర్టు పనుల కోసమో వచ్చిన విదేశీయులు కూడా ఉంటారు. పది అంకెలే పెడితే వాళ్ల ఫోన్ ఆ నంబర్‌ని వాళ్ల దేశపు నంబర్ అనుకుంటుంది.

పేరు దగ్గర ‘Gaskets Vizag’ ఎందుకు ఇరికించానని ఆయనే అడిగాడు. మీ ఫోన్‌లో ప్లంబర్ నంబర్ ఏ పేరుతో ఉందో చూడండన్నాను. ‘శ్రీను ప్లంబర్’ అని ఉంది. అందరం అంతే. ఎగ్జిబిషన్ అయ్యాక పది రోజులకి కొనుగోలుదారుడికి గాస్కెట్ అవసరం పడితే, అతనికి మీ ఇంటిపేరు గుర్తుండదు, సరుకు పేరు గుర్తుంటుంది, ఊరు గుర్తుంటుంది. ఆ మాటలు పేరులోనే ఉంటే వెతకగానే దొరుకుతారు. రెండు వరసల్లోనూ ఎందుకంటే, ఒక ఫోన్ N వరస చూసి పేరు కడుతుంది, ఇంకోటి FN చూస్తుంది.

ఇంత చేసినా చాలామంది సేవ్ చేసుకోరు. స్కాన్ చేయగానే వివరాలు నిండిన కాంటాక్ట్ పేజీ తెరుచుకుంటుంది, నిజమే. కానీ Save నొక్కేదాకా ఫోన్‌లో ఏమీ ఉండదు. ఈలోగా కాల్ వస్తుంది, పక్కవాళ్లు పిలుస్తారు, వెనక్కి నొక్కేస్తారు, అంతే సంగతులు. పక్కన నిలబడి ‘సార్, సేవ్ నొక్కారా?’ అని అడగడానికి మొహమాటపడొద్దు.

దీనికి నాకు నచ్చిన విరుగుడు వాట్సాప్ లింకు. బల్ల మీద పెట్టే కోడ్‌ని ఇలా చేయించండి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Gasket
```

ఇక్కడ నంబర్ ముందు + గుర్తు ఉండకూడదు. స్కాన్ చేస్తే మీ చాట్ తెరుచుకుంటుంది, ‘Gasket’ అన్న మాట టైప్ చేసి సిద్ధంగా ఉంటుంది. అతను పంపే బటన్ నొక్కితే చాలు, అతని నంబర్ మీ దగ్గర, మీ నంబర్ అతని దగ్గర ఉండిపోతాయి. ఎవరూ ఏదీ సేవ్ చేయక్కర్లేదు. వెంటనే మీరు స్టాల్ ఫొటో, మాట్లాడుకున్న సైజు రాసి జవాబు పంపితే, చాట్ తెరిచినప్పుడు మీరెవరో గుర్తొస్తుంది. పైగా ఇది చిన్న లింకు కాబట్టి కోడ్ 29 వరసల్లోనే అయిపోతుంది, దూరం నుంచి కూడా తేలిగ్గా పడుతుంది.

మరి అన్నిచోట్లా ఇదే పెట్టొచ్చు కదా అంటే, దీనికి నెట్ కావాలి. వేలమంది ఒకే మైదానంలో చేరినప్పుడు సిగ్నల్ గడులు నిండుగా కనిపిస్తున్నా డేటా కదలదు. వివరాలు చుక్కల్లోనే ఉన్న కార్డు కోడ్‌కి నెట్‌తో పని లేదు. అందుకే ఆయనకి బ్యాడ్జి మీద కార్డు కోడ్, బల్ల మీద వాట్సాప్ కోడ్ అని విడదీశాను. ఏ కోడ్‌కైనా మీ సొంత నంబరో, కంపెనీ సిమ్మో ఉండాలి. స్టాల్‌లో నిలబడే కుర్రాడి నంబర్ పెడితే, అతను ఉద్యోగం మానేసిన రోజున ఆ కస్టమర్లూ అతనితోనే పోతారు.

కొందరు ఏదీ స్కాన్ చేయరు, స్టాండీకి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. పెద్దవాళ్లు ఎక్కువగా ఇలాగే చేస్తారు. తప్పేం లేదు, ఆ ఫొటోలోంచి కూడా తర్వాత గూగుల్ లెన్స్‌తో కోడ్ చదివించుకోవచ్చు. కాకపోతే కంపెనీ పేరు, సరుకు, అంకెల్లో నంబర్, కోడ్ నాలుగూ ఒకే ఫొటోలో పట్టేలా దగ్గర దగ్గరగా వేయించండి. చాలా స్టాండీల్లో పేరు నెత్తిన, నంబర్ పాదాల దగ్గర ఉంటుంది. నంబర్ ముందు కుర్చీ పడుతుంది.

సైజు విషయానికొస్తే, ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు అన్నది మా లెక్క. నడవాలోంచి మీటరున్నర దూరంలో నిలబడి తీస్తారనుకుంటే 15 సెంటీమీటర్లు, ఛాతీ ఎత్తులో. తెల్ల నేల మీద నల్ల కోడే వేయించండి. నల్ల నేల మీద తెల్ల కోడ్ చూడ్డానికి బాగుంటుంది గానీ కొన్ని యాప్‌లు దాన్ని చదవవు. గ్లాసీ లామినేషన్ వద్దు, మ్యాట్ అడగండి. స్టాల్ స్పాట్‌లైట్ సరిగ్గా కోడ్ మీదే మెరుస్తుంది, అక్రిలిక్ స్టాండ్‌లో పెడితే మరీనూ. పరీక్ష కంప్యూటర్ తెర మీద కాదు, అసలు సైజులో ప్రింట్ తీసిన కాగితం మీద, ఇంట్లో అన్నిటికన్నా పాత ఫోన్‌తో, డేటా ఆపేసి ఒకసారి, పెట్టి ఒకసారి చేయండి.

ఎగ్జిబిషన్ అయ్యాక ఆయన చేయబోయి ఆగిన పని ఒకటి ఉంది. వచ్చిన నంబర్లన్నీ ఒక వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పెట్టి రేట్ల పట్టిక ఒకేసారి పంపేద్దామనుకున్నాడు. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, మిగతావాళ్లకి అసలు వెళ్లదు. కాబట్టి బల్ల కోడ్‌తో వచ్చినవాళ్లకి ఎవరి చాట్‌లో వాళ్లకి విడిగా రాయమన్నాను. రెండు రాత్రులు కూర్చుని, వాళ్లావిడ పేర్లు చదువుతుంటే ఆయన పంపాడు.