5.60-15 టైరు మార్చే ముందు

వానలు మొదలయ్యేలోపు పాత కారుకి టైర్లు మార్చేవాళ్లు ఎక్కువగా పొరబడేది సైజు దగ్గరే. టైరు పక్కగోడ మీద 5.60-15 అని ఉంటుంది. 5.60 అంగుళాలంటే 142 మిల్లీమీటర్లు కాబట్టి దానికి దగ్గరగా ఉందని 145/65R15 కొంటారు. అది రిమ్ముకి చక్కగా ఎక్కుతుంది. బండి మాత్రం నాలుగు సెంటీమీటర్లు కిందికి దిగిపోతుంది. మీటరు 60 చూపిస్తుంటే నిజానికి వెళ్లేది 52 దగ్గరే, ఇంజిన్ ఊరికే ఎక్కువ తిరుగుతుంది.

145/65R15లో 65 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 65 శాతం అని. పాత గుర్తులో ఆ ఎత్తు రాయకపోవడమే పొరపాటుకి కారణం. అప్పట్లో టైరు ఎత్తు దాదాపు వెడల్పంత ఉండేది, అందుకని వేరుగా చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఈ సైజుకి వెడల్పులో 95 శాతం ఎత్తు అనుకుని లెక్క వేద్దాం. 142లో 95 శాతం 135. పైనా కిందా కలిపి 270, 15 అంగుళాల రిమ్ము 381, మొత్తం 651 మి.మీ. ఇప్పుడు 165/80R15 చూడండి. 165లో 80 శాతం 132, రెండు వైపులా 264, రిమ్ముతో 645. తేడా ఒక్క శాతంలోపే. 155/80R15 అయితే 629 వస్తుంది, మూడు శాతం పైన తక్కువ. నడుస్తుంది గానీ మొదటి ఎంపిక కాదు. ఏ శాతమూ రాయకుండా ఉత్త 165R15 అని ఉంటే ఎత్తు 80-82 శాతం అనుకోండి.

95 శాతం అన్నది అంచనాయే, అన్ని పాత సైజులకూ అదే వర్తించదు. మీ బండి మీదే కొలవండి. గాలి సరిగ్గా నింపి, టైరు మీదా నేల మీదా సుద్దముక్కతో గీత పెట్టి, సరిగ్గా ఒక చుట్టు తోసి నేల మీది దూరం కొలవాలి. కొత్త టైరుకి తయారీదారు ఇచ్చిన చుట్టుకొలత దానికి రెండు మూడు శాతంలోపు ఉంటే సరిపోతుంది. తర్వాత వెడల్పు చూడాలి. 165 టైరు పాతదానికంటే ఒక్కో పక్క 11 మి.మీ. బయటికి వస్తుంది. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, వెనక మనుషుల్ని కూర్చోబెట్టి ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడండి. మీ రిమ్ము వెడల్పు ఆ టైరుకి ఒప్పుకున్న వెడల్పుల్లో ఉండాలి. స్టెప్నీ గుంటలో కొత్త టైరు పడుతుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోవడం మంచిది.

165-400 లాంటి గుర్తు కనిపిస్తే ఆగండి. ఆ 400 మిల్లీమీటర్ల రిమ్ము, అంటే 15.75 అంగుళాలు. 16 అంగుళాల టైరు దాని మీద వదులుగా కూర్చుంటుంది, 15ది ఎక్కదు. దగ్గరి సైజుతో సర్దుకోవడం ఇక్కడ కుదరదు. ఆ కొలత టైరే దొరికించుకోవాలి.

సైజు కుదిరాక రకం సంగతి. లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే పాత రకం టైరు క్రాస్‌ప్లై, మెకానిక్కులు దాన్నే నైలాన్ టైరు అంటారు. దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకి నేరుగా పోయేది రేడియల్. ఈ రెంటినీ ఒకే యాక్సిల్‌కి కలిపి వేయకూడదు. ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై అన్నది మరీ ప్రమాదం. ముందు చక్రాలు గట్టిగా పట్టుకుంటాయి, వెనకవి ముందే పట్టు వదులుతాయి, తడి మలుపులో బండి తోక తిరిగిపోతుంది. నాలుగూ ఒకేసారి మార్చలేకపోతే రేడియళ్లు వెనకకే వేయండి.

పాత రిమ్ములకి టైరు అంచుని పట్టి ఉంచే చిన్న గట్టు ఉండదు. గాలి తగ్గిన టైరు మలుపులో రిమ్ము నుంచి జారకుండా ఆ గట్టే ఆపుతుంది. అది లేనిచోట, స్పోకుల చక్రాలకైతే ఎప్పుడూ, ట్యూబు వేసే నడపాలి. ట్యూబు రేడియల్‌కి పనికొచ్చేది, అదే సైజుది, కొత్తది కావాలి. పాత ట్యూబు సాగి ఉంటుంది కాబట్టి లోపల మడతపడి, ఆ మడత దగ్గరే చిరుగుతుంది. రేడియల్ పట్టు ఎక్కువ కనుక మలుపుల్లో రిమ్ము మీద బలమూ పెరుగుతుంది. రంగు గీకించి బోల్టు రంధ్రాల చుట్టూ, వెల్డింగు వెంట పగుళ్లు వెతకండి. వెంట్రుకంత గీత కనిపించినా ఆ చక్రం పక్కన పెట్టాల్సిందే. గాలి కూడా పాత పుస్తకంలో క్రాస్‌ప్లైకి రాసినంత పెడితే రేడియల్‌కి సాధారణంగా చాలదు. టైరు తయారీదారు చెప్పిన అంకె పెట్టండి.

ఇంతకీ పాత రకం టైర్లే ఉంచుకోవచ్చా? నెమ్మదిగా, దగ్గర దూరాలకి, పొడి రోడ్డు మీద నడిపే బండికి ఉంచుకోవచ్చు. నిలిపినచోట స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది, జారేటప్పుడు ముందుగా తెలుస్తుంది. కొన్ని వారాలు కదలకపోతే నేలకి ఆనినచోట చదునై మొదటి కొన్ని కిలోమీటర్లు దడదడలాడుతుంది, వేడెక్కాక పోతుంది. కానీ రోడ్డు మీది చాళ్ల వెంబడి బండిని లాగుతుంది, తడిలో ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది, హైవే మీద గంటలకొద్దీ వేగంగా పోతే లోపల వేడి పేరుకుంటుంది. వానలో, హైవే మీద తిరిగే బండికి రేడియలే సరైనది. పాత రూపంతో పోసిన రేడియళ్లూ ఉన్నాయి, రూపం ముఖ్యమనుకుంటే అవి చూడండి.

ఏది కొన్నా తయారీ తేదీ చూడండి. 2000 నుంచి తయారైన టైరు మీద కోడ్ చివరి నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది. గాడి ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. తడి రోడ్డు మీదికి అది వద్దు.