పైల్ గ్రూప్ సెటిల్‌మెంట్ లెక్కకు కూర్చునే ముందు

కోనసీమ వైపు చాలా చోట్ల పైన మెత్తటి బంకమట్టి, కింద ఇసుక. పైల్ గ్రూప్ బదులు కొంత లోతులో ఒక ఊహా పునాది ఉందనుకుని కుంగుబాటు లెక్కించే సమాన పునాది పద్ధతిలో పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

పైల్ పొడవు 21 మీటర్లు, అందులో పై 12 మీటర్లు బంకమట్టి అనుకుందాం. మూడింట రెండు వంతుల లోతంటే 14 మీటర్లని వేసేయకండి. మెత్తటి మట్టి బరువు మోయదు కాబట్టి ఇసుకలో దిగిన 9 మీటర్లనే లెక్కించాలి. అందులో మూడింట రెండు వంతులు 6, అంటే ఊహా పునాది 18 మీటర్ల దగ్గర.

గ్రూప్ 3 × 3 మీటర్లు, బరువు 270 టన్నులు. ఇసుకలో ఆ 6 మీటర్లకు ప్రతి వైపూ 4కి 1 చొప్పున వ్యాపిస్తే పునాది 6 × 6 అవుతుంది, ఒత్తిడి చదరపు మీటరుకు 7.5 టన్నులు. బంకమట్టిలో కూడా వ్యాపింపజేస్తే ఒత్తిడి తగ్గి, సెటిల్‌మెంట్ ముద్దుగా కనిపిస్తుంది. నమ్మకండి.

మట్టి పరీక్ష బోరు 21 మీటర్ల దగ్గర ఆగిందా? అయితే లెక్క ఆపండి. ఊహా పునాది కింద దాని వెడల్పుకు రెట్టింపు, అంటే నేల నుంచి 30 మీటర్ల లోతు దాకా మట్టి ఏమిటో తెలియాలి. 27 మీటర్ల దగ్గర బంకమట్టి పొర ఉంటే, 2కి 1 వ్యాప్తితో దాని మీద ఇంకా చదరపు మీటరుకు 1.2 టన్నులు పడతాయి. ఆ కుంగుబాటు ఏళ్ల తరబడి సాగుతుంది, విడిగా కలపాలి.

ఎస్‌పీటీ విలువ అనుమానంగా తక్కువగా ఉంటే డ్రిల్లర్‌ని అడగండి: బోరులో నీటిమట్టం భూజలం కంటే దిగిందా అని. దిగితే ఇసుక అడుగు నుంచి పొంగి వదులవుతుంది.

సైట్ మెరక చేస్తున్నారా? మట్టి కుంగుతూ పైల్‌ను కిందికి లాగే బరువు కూడా 270కి కలపండి.