ప్రమోషన్ పక్క సీటుకి వచ్చింది, కంగ్రాట్స్ గొంతు దాటడం లేదు

ఒక సందర్భం అనుకుందాం. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఆఫీసు. కొనుగోళ్ల విభాగంలో ఇద్దరు సీనియర్లు ఉన్నారు, మేనేజరు పోస్టు ఒక్కటే ఉంది. ఇద్దరూ అడిగారు. సీజను అయిపోయి, యార్డుకి వేసవి సెలవులు ఇచ్చాక, ఒక సోమవారం పొద్దున ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పేరు వచ్చింది. మీది కాదు. ఇన్నేళ్లుగా మీరు 'అన్నా' అని పిలుస్తున్న మనిషిది. ఆయన పనిమంతుడేనని మీకూ తెలుసు. అయినా ఏదో అడ్డం పడుతోంది. ఆ అడ్డం ఎక్కడ, ఎలా బయటపడుతుందో, ఏం చేస్తే పోతుందో చూద్దాం.

సమస్య: గ్రూపులో అందరూ పెట్టేశారు, మీరు టైప్ చేసి చెరిపేస్తున్నారు

'హృదయపూర్వక శుభాకాంక్షలు' అని కొడితే పెళ్లి శుభలేఖలా ఉంది. ఉత్త 'కంగ్రాట్స్' అంటే మొక్కుబడిగా ఉంది. పెద్ద మెసేజ్ రాస్తే మరీ నటిస్తున్నట్టుంది.

కారణం: ఒకే మాటతో రెండు పనులు చేయాలని చూస్తున్నారు. ఆయన్ని అభినందించాలి, మీరేమీ బాధపడలేదని ఊరందరికీ తెలియాలి. రెండోది మెసేజ్‌తో అయ్యే పని కాదు. అందుకే ఎన్నిసార్లు రాసినా నచ్చడం లేదు.

పరిష్కారం: గ్రూపులో 'కంగ్రాట్స్ అన్నా' అని ఒక్క ముక్క పెట్టేయండి. అక్కడ అంతకన్నా ఎవరూ ఆశించరు. అసలు మాట మాత్రం ఎదురుగా నిలబడి చెప్పాల్సిందే, వీలైతే ఆ రోజే. మర్నాడు దాటితే మీరు మాట్లాడకపోవడమే ఆఫీసులో వార్త అవుతుంది. ఇప్పటికే ఆలస్యమైతే 'ఊళ్లో లేను', 'ఫోను చూసుకోలేదు' అనకండి. ఫోను చూశారని నీలం టిక్కులు చెబుతూనే ఉంటాయి. 'నిన్నే చెప్పాల్సింది అన్నా, ఈ రోజు చెబుతున్నా' అంటే చాలు.

ఆయన దగ్గరికి వెళ్లే ముందు మీ బాధ ఎక్కడో ఒకచోట కక్కేయాలి. ఇంట్లో చెప్పుకోండి, లేదా ఆఫీసుతో సంబంధం లేని స్నేహితుడితో చెప్పుకోండి. ఆఫీసులో మనిషికి చెబితే సాయంత్రానికి టీకొట్టు దగ్గరికి చేరిపోతుంది.

సమస్య: చెప్పారు, కానీ మాటలో ముల్లు దిగింది

మనకు మనం తెలుసుకోవడం కష్టం. ఎదుటి మనిషి జవాబును బట్టి మాత్రం తేలిగ్గా పట్టుకోవచ్చు. మీరు అభినందించగానే ఆయన 'థాంక్స్ రా' అని నవ్వితే బాగానే వెళ్లింది. 'నేనేం పైరవీ చేయలేదురా, వాళ్లే ఇచ్చారు' అని సంజాయిషీ మొదలుపెడితే, లేదా మిమ్మల్నే ఓదారిస్తుంటే, ముల్లు గుచ్చుకున్నట్టే.

కారణం మీ మనసులో చెడ్డతనం కాకపోవచ్చు, నోటికి అలవాటైన మాటలు కావచ్చు. మన దగ్గర ఇవి తెగ వాడతాం. 'ఇక మీరు పెద్దోళ్లయిపోయారు, మేం గుర్తుంటామా?' అనేది మామూలు రోజుల్లో సరదా. పోటీపడ్డ మనిషి నోట అదే దెప్పిపొడుపు. 'అదృష్టవంతుడివి అన్నా' అనడంలో మెచ్చుకోలు ఉన్నట్టే ఉంటుంది గానీ, అందులో ఆయన చేసిన పని ఏమీ మిగలదు. 'నాకు వచ్చినంత ఆనందంగా ఉంది' అన్నది వీటన్నిటికన్నా ప్రమాదం. అది నిజం కాదని మీకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఇక తర్వాత మీరు చెప్పేది ఏదీ ఆయన నమ్మడు. మాట దొరక్క 'పార్టీ ఎప్పుడు?' అని దాటేసేవాళ్లూ ఉన్నారు. అది తప్పేమీ కాదు, కానీ అభినందన మాత్రం కాదు.

పరిష్కారం: అదృష్టం మాట తీసేసి, ఆయన చేసిన ఒక పని పెట్టండి. మీరు కళ్లారా చూసింది అయితేనే. మన ఉదాహరణలో ఇలా ఉంటుంది:

'కంగ్రాట్స్ అన్నా. మార్చిలో వాన పడ్డ రాత్రి నువ్వు హమాలీలను పిలిపించి మిర్చి టిక్కీలన్నీ షెడ్డులోకి చేర్పించకపోతే ఆ తేజ రకం సరుకు రంగు పోయేది. దగ్గరుండి చూశాను. ఈ పోస్టులో నువ్వు బాగా చేస్తావు.'

ఇందులో మీ ప్రస్తావన ఆ పని చూసిన సాక్షిగా తప్ప ఇంకెక్కడా లేదు. ఇద్దరినీ పోల్చలేదు. అబద్ధమూ లేదు. వాన రాత్రి జరిగింది మీ ఇద్దరికీ తెలిసిన విషయం కాబట్టి, పైపై మాటా కాదా అన్న అనుమానం ఆయనకు రాదు. పోటీపడ్డ మనిషే ఆ పని విలువ చెబితే, మిగతా పదిమంది చెప్పినదానికన్నా గట్టిగా నిలుస్తుంది. చివరి వాక్యం మీకు నిజమనిపిస్తేనే అనండి, లేకపోతే వదిలేయండి, మొదటి మూడూ సరిపోతాయి.

అలాంటి పని ఏదీ గుర్తుకు రాకపోతే? ఆయన వల్ల మీ పని తేలికైన రోజు ఒకటి వెతకండి. లెక్కల్లో తేడా వస్తే ఆయన సర్దిన రోజో, మీరు సెలవులో ఉంటే యార్డులో కొనుగోళ్లకి ఆయన వెళ్లిన రోజో. అదీ దొరక్కపోతే లేనిది కల్పించకండి. 'కంగ్రాట్స్ అన్నా, కష్టపడ్డావు' చాలు. చెప్పాక అక్కడే నిలబడి కబుర్లలోకి దిగకండి. మాట సాగేకొద్దీ మీ విషయం బయటికి వస్తుంది.

సమస్య: 'నీకే వస్తుందనుకున్నాన్రా' అని ఆయనే అన్నాడు

ఇక్కడ చాలామంది 'అబ్బే, నాకు ఆసక్తే లేదు' అనేస్తారు. మీరు దరఖాస్తు పెట్టారని ఆయనకు తెలుసు. ఆ ఒక్క అబద్ధంతో, ముందు చెప్పిన మంచిమాట కూడా అనుమానంలో పడుతుంది.

నిజానికి ఆయనకూ ఇబ్బందిగానే ఉంది, అందుకే అన్నాడు. కాబట్టి నిజం చెప్పండి, చిన్నగా చెప్పండి: 'నేనూ అడిగాను అన్నా, రానందుకు కొంచెం బాధగానే ఉంది. అది నీ మీద మాత్రం కాదు.' అంతటితో ఆపి, సెలవుల తర్వాత చూడాల్సిన కోల్డ్ స్టోరేజీ సరుకు సంగతి ఎత్తండి. ఇద్దరికీ ఊపిరి ఆడుతుంది.

సమస్య: టీ దగ్గర 'అసలు నీకు రావాల్సింది' అంటున్నారు

ఓదార్పులాగే వినిపిస్తుంది, తియ్యగానే ఉంటుంది. కానీ మీరు తలూపినా చాలు, ఆ మాట మీరే అన్నట్టు ఆయన చెవిన పడుతుంది. 'ఆయన చేయగలడు లెండి' అని గ్లాసు కింద పెట్టేయండి.

సమస్య: నిన్నటి అన్నని ఇవాళ ఏమని పిలవాలి?

వెటకారంగా 'సార్ గారూ' అనడం మొదలుపెడితే ఇప్పటిదాకా చేసిందంతా వృథా. ఆయన్నే అడిగేయండి: 'బయటివాళ్ల ముందు సార్ అంటాను, మనమున్నప్పుడు అన్నా అనే. సరేనా?' మన ఆఫీసుల్లో ఇది మామూలే, ఎవరూ తప్పుపట్టరు.

వీటితో పోనిది

ఎంపికలో అన్యాయం జరిగిందని మీకు నిజంగా అనిపిస్తే, అభినందనతో అది తీరదు, తీరాలని చూడకూడదు కూడా. దానికి వేరే తలుపు ఉంది. ఒక వారం ఆగి, నిర్ణయం తీసుకున్న పైవాళ్ల దగ్గర పది నిమిషాలు టైము అడగండి. 'అన్నకి ఎందుకిచ్చారు?' అంటే వాళ్లు ఆయన్ని వెనకేసుకొస్తారు, మీకేమీ తెలియదు. 'నాకు ఎక్కడ తక్కువైంది? వచ్చేసారికి ఏం చూస్తారు?' అని అడగండి. 'చూద్దాంలే' అని దాటేస్తే, వచ్చే సీజనులో ఒక పెద్ద ఆర్డరు మొదటినుంచి చివరిదాకా మీకే అప్పగించమని అడగండి. దానికి అవుననో కాదనో వాళ్లు చెప్పక తప్పదు.