ఊతపదాలు తీసేస్తే మెయిల్ పెడసరంగా మారుతోందా? సమస్య - పరిష్కారం

ఇంగ్లిష్ మెయిల్స్‌లో జస్ట్, వెరీ, యాక్చువల్లీ, బేసికల్లీ లాంటి ఊతపదాలు తగ్గించమని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. సరే అని తీసేస్తాం. పంపే ముందు చదువుకుంటే ఎదుటివాళ్లను నిలదీస్తున్నట్టు అనిపిస్తుంది. ఎందుకొచ్చిన గొడవ అని రెండు జస్ట్‌లు మళ్లీ పెట్టేసి పంపేస్తాం.

ఈ పదాల్లో కొన్ని ఉత్తినే కూర్చుని ఉంటాయి, వాటిని తీసినా ఎవరూ గమనించరు. కొన్ని మాత్రం ఏదో ఒక పని చేస్తుంటాయి. అలాంటి పదాన్ని తీసినప్పుడు అది చేసే పనిని ఇంకో మాటకు అప్పగించాలి. ఎక్కువ తంటా జస్ట్‌తోనే కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుదాం.

సమస్య: జస్ట్ తీయగానే రిక్వెస్ట్ కాస్తా ఆర్డర్ అయిపోతోంది

ఒక సహోద్యోగి రిపోర్టులో మూడో భాగం ఇంకా పంపలేదనుకోండి. గుర్తు చేయాలి. మామూలుగా మనం రాసేది ఇలా ఉంటుంది:

> హాయ్, ఐ జస్ట్ వాంటెడ్ టు చెక్ ఆన్ ద రిపోర్ట్. యాక్చువల్లీ వి ఆర్ వెరీ క్లోజ్ టు ద డెడ్‌లైన్, సో బేసికల్లీ ఐ నీడ్ ఇట్ బై టుమారో. సారీ టు బాదర్ యూ.

ఊతపదాలన్నీ ఏరేస్తే మిగిలేది ఇది:

> హాయ్, ఐ వాంటెడ్ టు చెక్ ఆన్ ద రిపోర్ట్. వి ఆర్ క్లోజ్ టు ద డెడ్‌లైన్. ఐ నీడ్ ఇట్ బై టుమారో.

కారణం: మొదటి దాంట్లో జస్ట్ "ఇది పెద్ద విషయమేం కాదు, మిమ్మల్ని తప్పు పట్టడం లేదు" అని చెబుతోంది. ఆ పదం పోవడంతో ఆ మాట కూడా పోయింది. పైగా "ఐ నీడ్" అనేది మొదటి నుంచీ కరుకైన మాటే. ఇన్నాళ్లూ చుట్టూ ఉన్న ఊతపదాలు దాన్ని దాచిపెట్టాయి, అంతే. అంటే మెయిల్‌కు పెడసరం కొత్తగా రాలేదు, ఉన్నదే బయటపడింది.

పరిష్కారం: "తప్పు పట్టడం లేదు" అనే భావాన్ని అసలైన సమాచారంతో చెప్పండి.

> హాయ్, థ్యాంక్స్ ఫర్ ద ఫస్ట్ టూ సెక్షన్స్. కుడ్ యూ సెండ్ ద థర్డ్ బై ఫోర్ టుమారో? ద ఆడిట్ టీమ్ స్టార్ట్స్ రీడింగ్ ఎట్ ఫైవ్. ఇఫ్ ద ఛార్ట్స్ ఆరెంట్ రెడీ, ద నంబర్స్ అలోన్ విల్ డూ.

ఇందులో ఊతపదం ఒక్కటీ లేదు, అయినా మొదటి దానికన్నా మెత్తగా ఉంది. అవతలి మనిషి ఇప్పటికే చేసిన పనిని గుర్తించాం. "ఐ నీడ్" బదులు ప్రశ్న వేశాం. నాలుగు గంటలే ఎందుకో చెప్పాం, కాబట్టి అది మన తొందర కాదని తెలుస్తుంది. మొత్తం కుదరకపోతే ఎంతవరకు పంపినా చాలో కూడా చెప్పాం. నాలుగింటిలో ఈ చివరిదే ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం. టెన్షన్‌లో ఉన్న మనిషికి "సారీ టు బాదర్ యూ" కన్నా "ఛార్టులు లేకపోయినా ఫర్వాలేదు" అన్నదే ఊరట.

మెయిల్ పొడవు మాత్రం పెద్దగా తగ్గలేదని గమనించండి. తగ్గాల్సిన పని కూడా లేదు.

ప్రతి మెయిల్‌కూ ఈ నాలుగూ అక్కర్లేదు. రోజూ మాట్లాడుకునే మనిషికి ప్రశ్న, కారణం ఉంటే సరిపోతుంది. అలాగే "ఐ వాజ్ జస్ట్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ మేబీ" అని మర్యాద మీద మర్యాద పేర్చేసే అలవాటు ఉంటే, అందులో కుడ్ ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. ఒక రిక్వెస్ట్‌కు ఒక మెత్తని మాట చాలు.

సమస్య: జస్ట్ ఉంచినా ఎదుటివాళ్లు నొచ్చుకుంటున్నారు

ఇది పై దానికి పూర్తిగా తిరగబడిన కేసు. "జస్ట్ యాడ్ వన్ మోర్ కాలమ్" అని టీమ్ లీడ్ రాస్తే, చేసేవాళ్లకు అది "ఇదెంతసేపు?" అన్నట్టు వినిపిస్తుంది. అక్కడ జస్ట్ మన అడగడాన్ని కాదు, వాళ్ల పనిని చిన్నది చేస్తోంది. తీసేసి "కెన్ వి యాడ్ వన్ మోర్ కాలమ్? హౌ లాంగ్ వుడ్ ఇట్ టేక్?" అని అడగండి. తేడా కనిపెట్టడం తేలికే: పని నాదైతే జస్ట్ అణకువ, పని వాళ్లదైతే చులకన.

సమస్య: యాక్చువల్లీ ఉన్న జవాబు వాదనలా ఉంటోంది

కారణం: "మీరు అనుకున్నది ఒకటి, నిజం ఇంకొకటి" అని చెప్పడం ఈ పదం పని. "యాక్చువల్లీ, ద మీటింగ్ ఈజ్ ఆన్ థర్స్‌డే" అంటే అవతలివాళ్ల తప్పు మీద వేలు పెట్టినట్టే. మాట్లాడేటప్పుడు గొంతు, నవ్వు దాన్ని సర్దేస్తాయి. మెయిల్‌లో ఆ అవకాశం లేదు.

పరిష్కారం: దీన్ని తీసేస్తే మెయిల్ మెత్తబడుతుంది, భయపడక్కర్లేదు. "ద మీటింగ్ మూవ్డ్ టు థర్స్‌డే" అని రాస్తే తప్పు ఎవరిదన్న ప్రస్తావనే రాదు. నిజంగా మారి ఉంటేనే ఇలా రాయాలి సుమా. మొదటి నుంచీ గురువారమే అయితే "ఐ హావ్ థర్స్‌డే ఆన్ మై క్యాలెండర్" అనండి. మన లెక్క మనం తప్పు చేశామని మనమే ఒప్పుకునేటప్పుడు యాక్చువల్లీ ఉన్నా ఇబ్బంది లేదు, అప్పుడు వేలు మనవైపే ఉంటుంది.

సమస్య: బేసికల్లీ తీస్తే అర్థమే మారిపోయింది

"ద వర్క్ ఈజ్ బేసికల్లీ డన్" అన్న వాక్యంలోంచి దాన్ని తీసేస్తే, పని పూర్తయిందని మాట ఇచ్చినట్టవుతుంది. ఇక్కడ బేసికల్లీ "ఇంకాస్త మిగిలి ఉంది" అనే విషయాన్ని కప్పిపెడుతోంది. ఆ మిగిలిందేదో రాసేయండి: "ద వర్క్ ఈజ్ డన్ ఎక్సెప్ట్ ఫర్ టెస్టింగ్." ఇది మరింత సూటిగా ఉంది, చదివేవాళ్లకు భరోసా కూడా ఇస్తుంది.

పెద్ద పేరా రాసి, చివర "సో బేసికల్లీ" అని మొదలుపెట్టారా? అయితే అసలు విషయం దాని తర్వాతే ఉంది. ఆ వాక్యాన్ని పైకి తెచ్చుకుని, పైన ఉన్నదాంట్లో ఇంకా ఎంత అవసరమో చూసుకోండి.

వెరీ సంగతి చిన్నది. "వెరీ అర్జెంట్" బదులు గడువు, అది దాటితే ఆగిపోయే పని రాస్తే చాలు. "థ్యాంక్యూ వెరీ మచ్"లో వెరీని ముట్టుకోవద్దు, అది పలకరింపులో భాగం.

సమస్య: అన్నీ ఒకేసారి తీసేస్తే వాక్యాలు చెడిపోతున్నాయి

కారణం: జస్ట్‌కు "ఇప్పుడే", "మాత్రమే" అనే అర్థాలూ ఉన్నాయి. "ఐ జస్ట్ సెంట్ ఇట్", "జస్ట్ టూ ఫైల్స్" లాంటి చోట్ల అది ఊతపదం కాదు. అందుకే ఫైండ్ అండ్ రీప్లేస్‌తో మొత్తం ఊడ్చేయకండి. ఒక్కోదాన్ని వెతికి, అది లేకుండా వాక్యం ఏం కోల్పోతుందో చూడండి. బ్రౌజర్‌లో రాస్తుంటే Ctrl+F సరిపోతుంది. విండోస్‌లో పాత అవుట్‌లుక్ వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త: అక్కడ Ctrl+F నొక్కితే మెయిల్ ఫార్వర్డ్ అవడానికి సిద్ధమవుతుంది, వెతకడానికి F4 నొక్కాలి.