ఆస్తి పన్ను స్వీయ మదింపు: మ్యాపుపై ఇంటి పొడవు, వెడల్పు కొలవడం

హైదరాబాద్‌లో కొత్త ఇంటికి ఆస్తి పన్ను వేయించుకోవడానికి జీహెచ్‌ఎంసీకి స్వీయ మదింపు దరఖాస్తు పెట్టేటప్పుడు ప్లింత్ ఏరియా, అంటే గోడల బయటి అంచుల వరకు ఉన్న కట్టడం విస్తీర్ణం, తెలపాలి. నివాస గృహానికి ఆ విస్తీర్ణాన్ని చదరపు అడుగుకు నిర్ణయించిన నెల అద్దె విలువతోను, ఆపైన 12తోను గుణించి వార్షిక అద్దె విలువ లెక్కకడతారు. కాబట్టి ఈ ఒక్క అంకె తప్పితే పన్ను మొత్తం తప్పుతుంది. కొందరు ఈ అంకెను గూగుల్ మ్యాప్స్‌లో కొలిచి రాసేస్తున్నారు. కొలవడం మంచిదే, కానీ అదే అంకెను నేరుగా దరఖాస్తులో రాయకండి.

ముందుగా కంప్యూటర్‌లో మ్యాపును శాటిలైట్ చిత్రంలోకి మార్చి, 3D ఆపేసి, ఇంటి మూలలు స్పష్టంగా కనిపించేదాకా దగ్గరికి తెచ్చుకోండి. ఒక మూలపై మౌస్ కుడి బటన్ నొక్కి Measure distance ఎంచుకుని, పక్క మూలపై క్లిక్ చేయండి. కనిపించేది పొడవు. దాన్ని అప్పుడే రాసుకోండి. మూడో మూలపై క్లిక్ చేశాక కనిపించేది వెడల్పు కాదు, రెండూ కలిసిన దూరం. అందులోంచి పొడవు తీసేస్తే వెడల్పు వస్తుంది. మీటర్లలో ఉంటే 3.28తో గుణించి అడుగుల్లోకి మార్చుకోండి.

అసలు చిక్కు పైకప్పుతో వస్తుంది. ఉపగ్రహానికి కనిపించేది గోడలు కాదు, స్లాబు అంచు. గోడల బయటి అంచు నుంచి 26 అడుగుల వెడల్పు, 34 అడుగుల పొడవు ఉన్న ఇల్లు అనుకోండి. విస్తీర్ణం 884 చదరపు అడుగులు. స్లాబు నాలుగు వైపులా అడుగున్నర బయటికి వస్తే మ్యాపు చూపేది 29, 37. అంటే 1,073 చదరపు అడుగులు. లేని 189 చదరపు అడుగులకు ఏటా పన్ను కట్టాల్సి వస్తుంది!

రెండో పొరపాటు ఎత్తైన ఇళ్లలో జరుగుతుంది. చిత్రాన్ని నిట్టనిలువుగా తీయకపోతే భవనం ఒక పక్కకు ఒరిగినట్లుండి, ఒకవైపు గోడ కూడా కనిపిస్తుంది. ఆ గోడ అడుగున ఒక క్లిక్, ఎదుటి వైపు కప్పు అంచున మరో క్లిక్ చేస్తే గోడ కూడా వెడల్పులో కలిసిపోతుంది. కాబట్టి నాలుగు మూలలూ కప్పు మీదవే తీసుకోండి.

ఒకే భుజాన్ని మూడుసార్లు కొత్తగా కొలవండి. అడుగు, రెండడుగుల తేడా వస్తే ఆ చిత్రం అంతకన్నా స్పష్టంగా చెప్పలేదని అర్థం. చెట్టు నీడ మూలను కప్పేసినప్పుడు ఇలాగే అవుతుంది. మన ఉదాహరణలో రెండు కొలతలూ ఒక్కో అడుగు పెరిగితేనే విస్తీర్ణం 61 చదరపు అడుగులు పెరిగి 945 అవుతుంది.

దరఖాస్తులో రాయాల్సింది ఇద్దరు మనుషులు టేపు పట్టి, గోడల బయటి అంచు నుంచి అంచుకు కొలిచిన అంకె. బాల్కనీ ఉంటే విడిగా కొలిచి కలపండి. పై అంతస్తు చిన్నదైతే కింది కొలతను రెట్టింపు చేయకుండా దాన్నీ వేరుగా కొలవండి. ఒక్క అంతస్తు టేపు లెక్కే మ్యాపు లెక్కకన్నా ఎక్కువ వస్తే మాత్రం ఎక్కడో టేపు వదులుగా ఉందో, అంకె తారుమారైందో చూసి మళ్లీ కొలవాలి. తనిఖీకి వచ్చే సిబ్బంది కొలిచేదీ నేల మీదే.