గృహ రుణం తొలి ఏడాది: సంతకానికి ముందే వడ్డీ ఎంతో, అసలు ఎంతో విడదీసి చూసుకోండి

ఇంటి రుణం ఇచ్చేవారు ముందుగా చెప్పేది నెలసరి వాయిదా ఎంతో. అందులో వడ్డీకి ఎంత పోతుందో, అసలు ఎంత తీరుతుందో అడిగితే తప్ప చాలామంది విడమరచి చెప్పరు. ఆ మాటకొస్తే అడగనక్కరలేదు, కాగితం మీద మనమే తేల్చుకోవచ్చు. తేల్చుకున్నాకే సంతకం పెట్టాలి.

రుణం 40 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుందాం. వాయిదా 34,713 రూపాయలు వస్తుంది. మిగిలి ఉన్న అసలును వడ్డీ రేటుతో గుణించి 12తో భాగిస్తే ఆ నెల వడ్డీ తెలుస్తుంది. 40 లక్షలకు 8.5 శాతం అంటే ఏడాదికి 3,40,000. నెలకు 28,333. వాయిదాలో ముందు ఈ వడ్డీని మినహాయించుకుంటారు. మిగిలిన 6,380 మాత్రమే అసలులో జమ అవుతుంది. రెండో నెల వడ్డీని 39,93,620 మీద లెక్కగడతారు కాబట్టి అది 28,288కి దిగుతుంది, అసలుకు 6,425 చేరుతుంది. నెల గడిస్తే పెరిగింది 45 రూపాయలు!

ఇలా 12 నెలలు సాగితే మీరు కట్టేది 4,16,556. అందులో వడ్డీ సుమారు 3,36,950, తీరిన అసలు సుమారు 79,600. అంటే వందలో 81 రూపాయలు వడ్డీకే. ఏడాది తర్వాత ఇల్లు అమ్మాలన్నా, రుణాన్ని మరో బ్యాంకుకు మార్చాలన్నా 39 లక్షల 20 వేలు బాకీ ఉంటుంది. నాలుగు లక్షలు కట్టాం కదా, అంత మేర బాకీ తగ్గి ఉంటుందని లెక్క వేసుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు.

పట్టిక వేసే ఓపిక లేకపోతే మొదటి నెల వడ్డీని 12తో గుణించండి. 3,40,000 వస్తుంది. నిజమైన లెక్కకు తేడా మూడు వేలే. కచ్చితంగా కావాలంటే ఎక్సెల్‌లో ఈ రెండు సూత్రాలు చాలు:

```
=CUMIPMT(8.5%/12,240,4000000,1,12,0)
=CUMPRINC(8.5%/12,240,4000000,1,12,0)
```

మొదటిది వడ్డీ, రెండోది అసలు. జవాబులు మైనస్ గుర్తుతో వస్తాయి, కంగారు పడకండి. గడువును 30 ఏళ్లకు పెంచి, 240 బదులు 360 వేసి చూడండి. వాయిదా 30,757కి తగ్గుతుంది. నాలుగు వేలు మిగిలాయని సంతోషించేలోపు, ఏడాదిలో తీరే అసలు 30 వేల దగ్గర ఆగిపోయిందని కనిపిస్తుంది.

బ్యాంకు ఇచ్చే లెక్క మీ లెక్కతో రూపాయికి రూపాయి సరిపోకపోవచ్చు. కొన్ని బ్యాంకులు వడ్డీని రోజువారీగా లెక్కగడతాయి. అప్పుడు 31 రోజుల నెలలో తొలి వడ్డీ 28,877 అవుతుంది, ఫిబ్రవరిలో తగ్గుతుంది. ఈ కొద్దిపాటి తేడా తప్పు కాదు. అనుమానించాల్సింది వేరే ఉంది. రుణ బీమా ప్రీమియాన్ని అప్పులోనే కలిపేస్తే 40 లక్షలు కాస్తా పెరుగుతుంది, వడ్డీ దాని మీదా పడుతుంది. మంజూరు పత్రంలో మొత్తం ఎంతని రాశారో చూడండి.

కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కొనేవారికి మరో చిక్కు. బిల్డరుకు విడతలుగా సొమ్ము విడుదలవుతున్నప్పుడు మీతో ప్రీ-ఈఎంఐ కట్టిస్తుంటే, అది పూర్తిగా వడ్డీయే. అప్పటిదాకా ఎన్ని నెలలు కట్టినా అసలులో రూపాయి తగ్గదు, పై లెక్కలోని మొదటి నెల ఇంకా మొదలే కాలేదన్నమాట.

ఫ్లోటింగ్ వడ్డీ అయితే రేటును అర శాతం పెంచి మరోసారి లెక్క వేయండి. 9 శాతానికి మొదటి నెల వడ్డీ 30,000. వాయిదా పెంచకపోతే అసలుకు మిగిలేది 4,713 మాత్రమే, గడువు సుమారు 27 నెలలు పెరుగుతుంది. రేటు మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అని మిమ్మల్ని అడగాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. అప్పటివరకు వసూలైన అసలు, వడ్డీ, మిగిలిన వాయిదాల సంఖ్య మూడు నెలలకోసారి తెలపాలని కూడా చెప్పింది. ఆ స్టేట్‌మెంట్‌ను మీ లెక్క పక్కన పెట్టి చూసుకోండి.

పన్ను మినహాయింపు మీద ఆశ పెట్టుకుంటే అక్కడా హద్దుంది. సొంతంగా ఉండే ఇంటికి పాత పన్ను విధానంలో వడ్డీ మీద 2 లక్షలే మినహాయిస్తారు. 3.37 లక్షలు కట్టినా మిగతాదానికి లాభం లేదు. కొత్త విధానంలో ఆ రెండు లక్షలూ రావు. పైగా పన్ను లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు. వాయిదా అక్టోబరులో మొదలైతే ఆ ఏడాదికి ఆరు వాయిదాల వడ్డీయే వస్తుంది.

చేతిలో అదనంగా డబ్బుంటే తొలి ఏళ్లలోనే అసలుకు కట్టేయడం మేలు. మన ఉదాహరణలో ఏడాది చివర ఒక లక్ష కడితే చివర్లోని 13 వాయిదాలు పూర్తిగా, మరొకటి చాలావరకు తప్పిపోతాయి. కట్టేటప్పుడు వాయిదా తగ్గించవద్దు, గడువు తగ్గించండి అని రాసి ఇవ్వండి, సవరించిన పట్టిక చేతికొచ్చేదాకా వదలకండి.