పిన్ కొట్టే ముందు వేలు ఆగిపోతోందా? పొదుపు యాప్ పేరులో లోపం పట్టుకోవడం ఎలా

విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కూరగాయలు, పూలు అమ్మేవాళ్ల కోసం చేసిన ఒక యాప్‌ని, దాని బృందంతో కలిసి, దగ్గరగా చూశాను. అసలు పేరు చెప్పను, Savzo అనుకుందాం. రోజుకి యాభై రూపాయలు కడితే, ఆ డబ్బు ఒక బ్యాంకులో కట్టినవాళ్ల పేరు మీదే ఆర్‌డీగా చేరుతుంది. పథకంలో మోసం లేదు, యాప్‌లో సాంకేతిక లోపమూ లేదు. అయినా చాలామంది కట్టలేదు. ఎక్కడ ఆగిపోతున్నారో వెతుక్కుంటూ వెళితే చివరికి లోపం యాప్ పేరులోనే తేలింది.

ఇక్కడ అమ్మేవాళ్లందరికీ క్యూఆర్ కోడ్ కొత్త కాదు. బండికి అట్టముక్క వేలాడుతుంది, పెట్టెలోంచి "యాభై రూపాయలు వచ్చాయి" అని గొంతు వినిపిస్తుంది. కానీ అదంతా డబ్బు రావడం. పిన్ కొట్టి డబ్బు పంపడం చాలామందికి ఇదే మొదటిసారి. కింది లక్షణాలన్నీ ఆ తేడాలోంచి వచ్చినవే.

లక్షణం: యాప్ దించుకుంటారు, నంబరు ఇస్తారు, పిన్ తెర దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతారు

ముందు ఇది పేరు సమస్యేనా అని తేల్చుకోండి. పిన్ కొట్టాక చెల్లింపు విఫలమైతే తప్పు బ్యాంకుదో, నెట్‌వర్క్‌దో, ఖాతాలో డబ్బు లేకపోవడమో. పిన్ కొట్టకుండానే తెర మూసేస్తే అది మనిషి తీసుకున్న నిర్ణయం. లాగ్‌లో ఈ రెండూ వేరువేరుగా కనిపిస్తాయి. రెండో రకమే ఎక్కువగా ఉంటే ఆఫీసులో కూర్చుని లెక్కలు చూడటం ఆపి, ఒక పూట మార్కెట్లో నిలబడండి.

మేం నిలబడ్డాం. పూలమ్మే ఆవిడ ఫోను మా కుర్రాడికి చూపించి, "ఏం బాబూ, నువ్వు చెప్పిన పేరు ఒకటి, ఇక్కడ పడింది ఇంకొకటి. ఈయనెవరు?" అంది. తెర మీద యాప్ పేరు లేదు. శ్రీ వెంకట అని మొదలై ఇన్ఫోటెక్ ప్రైవేట్ లిమిటెడ్ అని ముగిసే కంపెనీ పేరుంది. ఆవిడకి అది ఎవరో మగమనిషి పేరు. ఎవరో తెలియని మనిషికి పిన్ కొట్టి డబ్బు పంపొద్దని కొడుకు చెప్పాడు. ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని.

కారణం ఇది. యూపీఐ తెర మీద కనపడే పేరు యాప్ బొమ్మ కింది పేరు కాదు. డబ్బు తీసుకునే ఖాతాని బ్యాంకు దగ్గరో పేమెంట్ గేట్‌వే దగ్గరో ఏ పేరుతో నమోదు చేశారో ఆ పేరే వస్తుంది. డిజైనర్ దాన్ని మార్చలేడు. అంటే ఒకే యాప్‌కి తెలియకుండానే మూడు నాలుగు పేర్లు తిరుగుతుంటాయి. బొమ్మ కింద ఒకటి, పిన్ తెర మీద ఒకటి, ఎస్సెమ్మెస్‌లో ఒకటి, పాస్‌బుక్‌లో ఇంకొకటి. చదువుకున్నవాళ్లు ఈ తేడాని చూసీ చూడనట్టు పోతారు. మొదటిసారి పంపేవాళ్లకి ఆధారం ఆ పేరొక్కటే.

పాస్‌బుక్ సంగతి ఇంకా కష్టం. చాలా బ్యాంకుల పాస్‌బుక్ ప్రింటులో యూపీఐ వరసలో ఎదుటివాళ్ల పేరు మొదటి కొన్ని అక్షరాలకే తెగిపోతుంది. మా కంపెనీ పేరు `SRI VENK` దగ్గర ఆగింది. నెలాఖరున పాస్‌బుక్ వేయించుకొచ్చి కొడుకు ముందు పెడితే, ముప్పైసార్లు "శ్రీ వెంక్" అనే మనిషికి యాభై రూపాయలు పోయినట్టుంది. ఇంట్లో గొడవ కాక ఏమవుతుంది?

పరిష్కారంలో మొదటి పని కాగితం మీద చేయాలి. మీ యాప్ పేరు, దాని తాలూకు కంపెనీ పేరు ఎక్కడెక్కడ కనపడతాయో ఒక్కొక్కటీ నిజంగా ఫోనులో తెరిచి, తెరని ఫొటో తీసి పక్కపక్కన అంటించండి. ప్లే స్టోర్‌లో యాప్ పేరు, దాని కిందున్న డెవలపర్ పేరు, యూపీఐ పిన్ తెర, ఆటోపే అనుమతి తెర, ఎస్సెమ్మెస్ పంపినవాళ్ల పేరు, పాస్‌బుక్ ప్రింటు. పాస్‌బుక్‌ని తప్పకుండా నిజంగానే వేయించండి, ఊహించొద్దు. ఇవన్నీ ఒకే మాటతో మొదలవ్వాలి. ఒకే మాట ఉంటే చాలదు, మొదట్లోనే ఉండాలి, తెగిపోయేది చివర కాబట్టి.

కంపెనీ ఇంకా పెట్టకపోతే పని సులువు, యాప్ పేరు మొదటి మాటగా కంపెనీ పేరు పెట్టండి. ఇప్పటికే ఉంటే రెండు దారులు. గేట్‌వే వాళ్లని అడిగి చెల్లింపు తెర మీద బ్రాండు పేరు నమోదు చేయించుకోవచ్చేమో చూడండి, దానికి ఆ బ్రాండు మీదేనని కాగితాలు చూపాలి. లేదంటే కంపెనీ పేరే మార్చాలి. కంపెనీల చట్టం 13వ సెక్షన్ కింద ప్రత్యేక తీర్మానం చేసి, పేరు రిజర్వు చేయించుకుని, INC-24 ఫారం వేయాలి. ఆ తర్వాత పాన్, బ్యాంకు, గేట్‌వే అన్నిట్లో మార్పించుకోవాలి. ఖర్చూ తిరుగుడూ రెండూ ఉన్నాయి. అయినా నా అభిప్రాయం, పది వేలమంది చేరాక కంటే వందమంది ఉన్నప్పుడే చేయడం మేలు.

ఎస్సెమ్మెస్ విషయంలో ఒక కొలత గుర్తుపెట్టుకోవాలి. వ్యాపార సందేశాలు పంపేవాళ్ల పేరు, అంటే హెడర్, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం టెలికాం సంస్థలు నడిపే డీఎల్‌టీ అనే రిజిస్టర్‌లో నమోదవుతుంది, దానికున్న చోటు ఆరు అక్షరాలు. మేం చివరికి పెట్టుకున్న డిబ్బీ అనే పేరు ఫోనులో ఇలా పడుతుంది:

```
JD-DIBBEE-S
```

ముందు రెండక్షరాలు టెలికాం సంస్థనీ సర్కిల్‌నీ చెప్తాయి. చివర S అంటే సర్వీసు సందేశం, ప్రచారమైతే P వస్తుంది. ఈ చివరి అక్షరం 2025లో వచ్చింది. మధ్యలో ఆరక్షరాలే మీవి. తొమ్మిది అక్షరాల పేరు పెట్టుకుని అచ్చులు పీకేసి ఇరికిస్తే, చదివేవాళ్లకి అది ఏ బ్యాంకో ఏ మోసమో తెలియదు. అందుకే పేరు వెతికే రోజే ఇంగ్లిష్ అక్షరాలు లెక్కపెట్టండి.

లక్షణం: "లోనెంతిస్తారు?" అని అడుగుతారు

పేరులో "పొదుపు" అని పెట్టినప్పుడు ఇది కచ్చితంగా వస్తుంది. నిఘంటువులో పొదుపంటే డబ్బు దాచుకోవడమే. కానీ ఇక్కడ ఆడవాళ్లకి పొదుపంటే డ్వాక్రా. పదిమంది గ్రూపు, నెలవారీ మీటింగు, బ్యాంకు లింకేజీ, ఆ తర్వాత అప్పు. లోను రాకపోతే "మోసం" అనే మాట వచ్చేస్తుంది. మీరు అప్పిచ్చేవాళ్లు కాకపోతే ఆ మాటని పేరులోంచి తీసి వివరణ వాక్యంలో వాడండి. ట్రేడ్‌మార్క్‌కి కూడా అది అడ్డే, సేవ ఏమిటో వర్ణించే మాటని రిజిస్ట్రీ సాధారణంగా ఒప్పుకోదు.

నమ్మకం తెచ్చే మాటలని తోచేవాటిలో కొన్నింటికి చట్టం తాళం వేసింది. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 1949, 7వ సెక్షన్ ప్రకారం బ్యాంకు కానివాళ్లు పేరులో బ్యాంకు అని పెట్టుకోకూడదు. చిట్ ఫండ్స్ చట్టం 1982, 11వ సెక్షన్ ప్రకారం చిట్, చిట్టీ లాంటి మాటలు చిట్ వ్యాపారం చేసేవాళ్లవే. కాబట్టి "చీటీ" అని తెలుగులో పెట్టి తప్పించుకోవచ్చని అనుకోవద్దు. "నిధి" కూడా అలాంటిదే. నిధి లిమిటెడ్ అనేది వేరే రకం కంపెనీ, సభ్యుల మధ్య డిపాజిట్లు, అప్పులు నడిపేది.

లక్షణం: ఇంటికెళ్లి చెప్తే ఇంట్లోవాళ్లు వద్దంటారు

ఈ ఊళ్ల జ్ఞాపకాలు కొన్ని మాటలకి అంటుకుని ఉన్నాయి. 2015 చివర్లో కాల్‌మనీ వ్యవహారం బయటపడింది విజయవాడలోనే. ఇక్కడ "మనీ", "రోజువారీ" రెండూ ఒకే పేరులో కలిస్తే వడ్డీవాడు గుర్తొస్తాడు. అగ్రిగోల్డ్ కేంద్రం కూడా ఇదే ఊరు, డబ్బు ఇరుక్కున్నవాళ్లు లేని వీధి తక్కువ. పది వేల లోపు డిపాజిట్‌దారులకి ప్రభుత్వం డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది 2019లో. మీరు నిజంగా బంగారమే అమ్మినా సరే, పొదుపు యాప్ పేరులో "గోల్డ్" ఇక్కడ వద్దు.

లక్షణం: పేరు ఒకరి నుంచి ఒకరికి పాకదు

Savzo మా దగ్గర ఓడిపోయింది ఇక్కడే. ఇంగ్లిష్‌లో సేవ్ అనే మాటని తలపించాలని పెట్టారు. బజార్లో దాన్ని "సావ్‌జో" అని చదివారు. మన వాడుకలో సావు అంటే చావు. పొద్దున్నే బోణీ కాకముందు ఆ మాట ఎవరూ నోట్లోంచి రానివ్వరు. పక్కబండి ఆవిడకి చెప్పాలంటే "అదే, ఆ నీలంబొమ్మది" అనేవాళ్లు. బొమ్మ రంగు చెప్పి వెతికితే ప్లే స్టోర్‌లో నకిలీ యాప్ దొరికే ప్రమాదం ఉంది.

కొత్త పేరుకి నాలుగు మాటలు అనుకున్నాం. ఒక్కొక్కటీ తెర చూపించకుండా, ఫోనులో చెప్పి అడిగాం. "ఈ పేరుగల యాప్ ఏం చేస్తుందంటారు?" అని మొదటి ప్రశ్న. "ఇంగ్లిష్‌లో కొట్టి వెతకండి" అని రెండోది.

"హుండీ" మొదట్లోనే పోయింది. దుర్గమ్మ హుండీలో వేసింది తిరిగి తీసుకుంటామా అన్నారు. "ముంత" అందరికీ తెలిసిన మాట, `MUNTHA` సరిగ్గా ఆరక్షరాలు, నాకు చాలా ఇష్టం. కానీ మగవాళ్లకి కల్లు, పిల్లలకి ముంత మసాలా గుర్తొచ్చాయి. పైగా చల్లకొచ్చి ముంత దాచడం అనే సామెత ఉండనే ఉంది, డబ్బు విషయంలో అది మంచి తోడు కాదు. "దాచుకో" అర్థమైంది గానీ, అరవై ఏళ్లావిడని నువ్వంటూ ఆజ్ఞాపించినట్టుంది. "దాచుకోండి" అంటే ఆరక్షరాల్లో ఇమడదు. పేరుకి క్రియ కంటే వస్తువు పేరు మేలని అప్పుడే అర్థమైంది.

"డిబ్బీ" నిలబడింది. తన డబ్బు తనే వేసుకుని తనే తీసుకునేదని అడక్కుండానే చెప్పారు. లోను గురించి ఎవరూ అడగలేదు. దానికీ లోపాలున్నాయి. పిల్లల వస్తువు కదా అని కొందరు మగవాళ్లు తేలిగ్గా తీసుకున్నారు. ఇంగ్లిష్‌లో `dibbi`, `dibbee`, `dibby` అని మూడు రకాలుగా కొట్టారు. మొదటి లోపానికి పేరు కిందే "మీ డబ్బు మీ పేరు మీద ఫలానా బ్యాంకులో" అనే వరస పెట్టాం, బ్యాంకు పూర్తి పేరుతో, వాళ్ల లిఖిత అనుమతితో. రెండోదానికి అన్ని చోట్లా ఒకే స్పెల్లింగు ఖాయం చేసి, మిగతా రెండింటితో డొమైన్లు కొని పెట్టుకున్నాం, వేరేవాళ్లు నకిలీకి వాడకుండా. స్టోర్‌లో ఆ స్పెల్లింగులతో వెతికితే మనదే పైన వస్తోందా అని వారానికోసారి చూడాలి.

పేరు మార్చేటప్పుడు పాత ఖాతాదారుల్ని మరిచిపోవద్దు. హఠాత్తుగా కొత్త పేరుతో సందేశం వస్తే వాళ్లకి అది మోసంలాగే ఉంటుంది. ముందు పాత హెడర్ నుంచే "వచ్చే ఒకటో తేదీ నుంచి మా పేరు డిబ్బీ, మీ ఆర్‌డీ నంబరు మారదు" అని తెలుగులో పంపండి. అందులో లింకు పెట్టొద్దు, పిన్ అడగొద్దు. మార్కెట్లో వాళ్లకి తెలిసిన అదే కుర్రాడు పాత చొక్కాతోనే వెళ్లి, పాస్‌బుక్‌లో పాత వరసా కొత్త వరసా వేలు పెట్టి చూపించాలి. పూలమ్మే ఆవిడకి మేం అలాగే చూపించాం. `DIBBEE` అని కూడబలుక్కుని చదివి, ఆ రోజు యాభై కట్టింది.